క్లినిక్ వదిలి వెళ్తూ మా పేషెంట్లకు

(వీడ్కోలు సభలో డాక్టర్ దంపతులు చదివిన ఉత్తరం)

 

పాడేరు ఏజెన్సీలోని ఈ రెండు గదుల క్లినిక్‌లో మేమిద్దరం రోగులను చూసే చివరి సంత రోజు ఇదే. మా చోటికి ఇంకా ఎవరూ రాలేదు. మందు ఆపకూడని వాళ్ల కోసం, ముఖ్యంగా సికిల్ సెల్ ఉన్న పిల్లల కోసం ఈ ఉత్తరం రాసుకొచ్చాం.

ముందు మా తప్పు ఒకటి చెప్పుకోవాలి. ఇంటర్ చదివే ఒక చెల్లి మా దగ్గర హైడ్రాక్సీయూరియా గుళికలు వాడేది. ఈ మందు వేసుకోగానే నొప్పి తగ్గదు. పసిబిడ్డ ఒంట్లో ఉండే రకం హిమోగ్లోబిన్‌ను ఇది మళ్లీ పెంచుతుంది. దాంతో రక్తకణాలు కొడవలిలా వంగడం తగ్గుతుంది. ఫలితం కనిపించడానికి నెలలు పడుతుంది. ఆ చెల్లికి దాదాపు ప్రతి నెలా వచ్చే ఒళ్లు నొప్పులు ఏడాదికి రెండుసార్లకు తగ్గాయి. హాస్టల్‌కు వెళ్లాక, నొప్పి లేదు కదా అని మందు మానేసింది. రెండు నెలలకు జ్వరం, ఛాతీ నొప్పి, ఆయాసం వచ్చాయి. రాత్రి ఆసుపత్రిలో ఏం వాడుతున్నావని అడిగితే “గుళిక” అని మాత్రమే చెప్పగలిగింది. వివరాలన్నీ మా రిజిస్టర్‌లోనే ఉన్నాయి, ఆమె చేతికి కాగితం ఇవ్వలేదు. సికిల్ సెల్ అని తేలేసరికి తెల్లారింది. ఆ చెల్లి బతికింది, కానీ పోయిన ఆ రాత్రికి బాధ్యత మాదే.

అందుకే ఈ నెలంతా కూర్చుని ఒక్కొక్కరికీ ఒక నోటుపుస్తకం రాశాం. మీకున్నది ఎస్ఎస్సా, ఏఎస్సా, మందు ఎన్ని మిల్లీగ్రాములు, ఎప్పుడు మొదలుపెట్టారు, చివరి రక్తపరీక్షలో ఏం వచ్చింది, రక్తం ఎప్పుడు ఎక్కించారు అన్నీ అందులో ఉన్నాయి. మొదటి పేజీని ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. హాస్టల్ వార్డెన్‌కూ చూపించండి.

ఈ రోజు 30 రోజుల మందు ఇస్తున్నాం. అది అయిపోకముందే పుస్తకం పట్టుకుని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి. మందు స్టాకు ఉందో లేదో ముందే ఆశాక్కతో అడిగించండి. ఈ మందు తెల్లకణాలను, ప్లేట్‌లెట్లను తగ్గించగలదు. కాబట్టి రక్తపరీక్ష లేకుండా నెలల తరబడి వాడకూడదు. పెళ్లయి బిడ్డ కావాలనుకునే వాళ్లు, ఆడైనా మగైనా, ముందే డాక్టరుకు చెప్పాలి. ఏఎస్ ఉన్నవాళ్లకు ఈ గుళిక అక్కర్లేదు. అన్నదమ్ములు పంచుకోవద్దు.

101 డిగ్రీలు దాటిన జ్వరం, ఛాతీ నొప్పి, ఆయాసం, ఒక పక్క చెయ్యీ కాలూ పడిపోవడం, చిన్నబిడ్డ ఒక్కసారిగా పాలిపోయి ఎడమవైపు పొట్ట ఉబ్బడం, వీటిలో ఏది కనిపించినా వచ్చే సంత దాకా ఆగొద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి. వచ్చిన డాక్టరుతో మొదటి మాటగా “సికిల్ సెల్” అనండి, తర్వాత పుస్తకం చేతికివ్వండి.

పుస్తకం ఇంకా తీసుకోని వాళ్లు పదకొండు మంది ఉన్నారు. వాళ్ల ఊళ్ల పేర్లు ఇప్పుడు చదువుతాం. ఆ దారిన వెళ్లే తమ్ముళ్లు చేతులెత్తండి.