ఎనిమిదవ వాక్యంలో దాగిన మాట
(సంఘ వార్షిక సభలో ఒక ఉర్దూ మాధ్యమ ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



మన పిల్లలు ఇప్పుడు బి.కాం., బి.బి.ఎ. చదువుతున్నారు. సంఘానికి, బ్యాంకుకు, సహకార సంస్థకు నివేదికలు వ్రాసే పని వాళ్ళ మీద పడుతోంది. ఆ నివేదిక మొదటి పేజీలో ఉండేదాన్ని 'ఎగ్జిక్యూటివ్ సమ్మరీ' అంటారు. మనం ముఖ్య సారాంశం అనుకుందాం. ఇది ముందుమాట కాదు. ముందుమాట లోపల ఏముందో చెబుతుంది. సారాంశం లోపలిది చదవకపోయినా నిర్ణయం తీసుకొనేటట్లు చేస్తుంది. కమిటీలో పదకొండు మంది ఉంటే పన్నెండు పేజీలూ చదివేవారు ఇద్దరో ముగ్గురో ఉంటారు. మిగతావారు మొదటి పేజీ చూసి చెయ్యి ఎత్తుతారు. ఆ చెయ్యి దేనికి ఎత్తుతున్నారో ఆ పేజీ చెప్పకపోతే సంఘం సొమ్ము ఎటు పోతుందో ఎవరికీ తెలియదు. కాబట్టి ఇటువంటి కాగితానికి మార్కులు ఎలా వేయాలో ఈ రోజు మేము ఒక నమూనా తీసుకొని చెప్పదలచుకొన్నాము.

నమూనా మేమే తయారుచేసింది, అందులోని ధరలు కూడా లెక్క కోసం వేసుకొన్నవే. విషయం మాత్రం మన జువ్వలదిన్నెది. ఇరవై మంది చిల్లర చేపల వ్యాపారులు వెదురు బుట్టలలో చేప తీసుకువెళుతున్నారు. ఐసు దారిలోనే కరిగిపోతోంది. వాళ్ళకు ఐసు నిలిచే పెట్టెలు కొనడానికి సంఘం కర్జె హసనా, అనగా వడ్డీ లేని అప్పు, ఇవ్వాలా వద్దా అన్నది ప్రశ్న. కుర్రవాళ్ళు పన్నెండు పేజీల నివేదిక వ్రాశారనుకోండి. వాళ్ళ సారాంశం ఇలా ఉంది:

"(1) జువ్వలదిన్నె నెల్లూరు జిల్లాలో బంగాళాఖాతం తీరమున ఉన్న మత్స్యకార గ్రామము. (2) 2020 నవంబరు 21న ఉప్పాడ, మచిలీపట్నం, నిజాంపట్నములతో పాటు ఇచ్చటి ఫిషింగ్ హార్బరుకు శంకుస్థాపన జరిగినది. (3) చేప త్వరగా చెడిపోవు సరుకు గనుక మన వంటి వేడి ప్రదేశములలో కిలో చేపకు కిలో ఐసు వాడవలెనని చెప్పుదురు. (4) మేము 20 మంది వ్యాపారులను కలిసి వారి కష్టసుఖములు తెలుసుకొంటిమి. (5) మూడు రకముల పెట్టెలను పరిశీలించితిమి. (6) మన తీరమున ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు మర పడవల వేట నిషేధము అమలులో ఉండును. (7) మంచి పెట్టె ఒకటి రూ. 3,000 అగును. (8) పై విషయములన్నియు దృష్టిలో ఉంచుకొని 40 పెట్టెలకు సంఘము సహాయము చేసిన బాగుండునని అభిప్రాయపడుచున్నాము. (9) మాకు సహకరించిన అందరికీ కృతజ్ఞతలు."

చదవడానికి బాగానే ఉంది. తప్పు మాట ఒక్కటీ లేదు. అందుకే దీనికి మార్కులు వేయడం కష్టం. తప్పులున్న కాగితం మీద ఎర్ర సిరా తనంతట తానే నడుస్తుంది. ఇక్కడ ఏది వ్రాశారన్నది కాదు, ఏది ఎక్కడ వ్రాశారన్నది చూడాలి.

మేము మొదట చేసేది ఇది. మొదటి రెండు వాక్యాలు మాత్రం చదివి కాగితం బోర్లా పెడతాము. 'వీళ్ళు నన్ను ఏం చేయమంటున్నారు?' అని ప్రశ్నించుకొంటాము. జవాబు రాలేదంటే జబ్బు దొరికినట్లే. రెండవది, మనల్ని ఏదో చేయమని అడిగే వాక్యం ఎక్కడుందో వెతికి దాని కింద గీత గీస్తాము, దానికి ముందు ఎన్ని వాక్యాలున్నాయో అంచున అంకె వేస్తాము. ఇక్కడ ఆ అంకె ఏడు. 'మీరు అసలు విషయం ఆలస్యంగా చెప్పారు' అని వ్రాస్తే పిల్లవాడు వాదిస్తాడు. 'ఏడు' అని వ్రాస్తే వాదన ఉండదు.

మూడవది, మిగిలిన ప్రతి వాక్యాన్నీ వేలితో మూసి, 'ఇది లేకపోతే నిర్ణయం మారుతుందా?' అని అడగాలి. ఒకటవ వాక్యం మూస్తే ఏమీ మారదు, జువ్వలదిన్నె ఎక్కడుందో కమిటీకి తెలుసు. రెండవదీ అంతే. నాలుగు, అయిదు పడిన శ్రమను చెబుతాయిగాని ఫలితాన్ని చెప్పవు. కాని ఆరవ వాక్యాన్ని కొట్టివేయడానికి వీలులేదు. వేట లేని 61 రోజులు వ్యాపారికి రాబడి లేదు, అప్పు వాయిదా ఆ రోజుల్లో అడగకూడదు, పెట్టెలు జూన్ 15కు చేతిలో ఉండాలి. నేపథ్యమనే ముసుగులో ఉన్న ఈ వాక్యం నిజానికి షరతు. మార్కులు వేసేవాడు తొందరపడి నేపథ్యమంతా ఒకే గీతతో కొట్టివేస్తే ఇటువంటిది పోతుంది.

నాలుగవది, గీత గీసిన వాక్యాన్నే పరీక్షించాలి. ఎవరు, ఏమి, ఎంత, ఎప్పటిలోగా, ఏ షరతు మీద? 'సహాయము' అంటే దానమా, అప్పా? మొత్తం ఎంత? కమిటీయే మూడు వేలను నలభైతో గుణించుకోవాలా? 'చేసిన బాగుండును' అంటే అడుగుతున్నట్లా, ఆశపడుతున్నట్లా? వాయిదాల వివరం నివేదిక తొమ్మిదవ పేజీలో ఉందనుకోండి, సారాంశంలో లేదు. అంటే ఈ వాక్యాన్ని ఉన్నదున్నట్లు పైకి జరిపితే చాలదు. జరిపిన తరువాత 'పై విషయములన్నియు' అన్న మాటకు పైన విషయమే ఉండదు గదా!

ఇక మార్కులు. మేము 20కి వేస్తాము. వాస్తవాలకు 6, సిఫారసు నిండుగా ఉందా అన్నదానికి 6, అది ఉన్న చోటుకు 5, భాషకు 3. ఈ కాగితానికి వరుసగా 5, 3, 1, 2 వేసి మొత్తం 11 ఇస్తాము. ఇలా విడగొట్టకుండా ఒకే అంకె వేస్తే పిల్లవాడు లెక్కలే తప్పాయేమో అనుకొని వాటిని మారుస్తాడు, వరుసను మాత్రం అలాగే ఉంచుతాడు. అంచున వ్రాసే మాట కూడా పని చెప్పేదిగా ఉండాలి: '8ని 1 చేయండి. 1, 2, 9 తీయండి. 6ను షరతుగా మార్చండి. 9వ పేజీలోని వాయిదా ఇక్కడికి తెండి.'

అలా దిద్దిన తరువాత సారాంశం ఇలా వస్తుంది:

"20 మంది చేపల వ్యాపారులకు 40 ఐసు పెట్టెలు కొనుటకు సంఘం రూ. 1,20,000 కర్జె హసనా ఇవ్వాలని కోరుతున్నాము. పెట్టెలు జూన్ 15కు అందాలంటే మే 20లోగా నిర్ణయం కావాలి. ఒక్కొక్కరు నెలకు రూ. 600 చొప్పున పది నెలల్లో తీర్చుతారు, వేట నిషేధ కాలంలో వాయిదా ఉండదు. పెట్టెకు రోజుకు రూ. 20 ఐసు ఖర్చు తగ్గుతుంది గనుక రెండు పెట్టెలున్న వ్యాపారికి నెలలో 15 రోజుల వ్యాపారంతో వాయిదా వచ్చేస్తుంది. తుఫాను వల్ల అంతకంటే తక్కువ రోజులు జరిగితే ఆ లోటు వ్యాపారి చేతినుంచి పెట్టుకోవాలి. ఈ పథకంలో ముఖ్యమైన ప్రమాదం ఇదే."

అయిదారు వాక్యాలే. ఇప్పుడు కమిటీలో ఒక పెద్దాయన లేచి, 'పదిహేను రోజులు జరగకపోతే ఎలాగండీ?' అని అడగవచ్చు. మొదటి సారాంశం మీద ఆ ప్రశ్న పుట్టేదే కాదు. సిఫారసు పైకి వస్తే దాని బలహీనత కూడా పైకి వస్తుంది.

పిల్లలు ఎందుకు దాచుతారు? రెండు కారణాలు మాకు కనబడతాయి. చేసిన పనిని చేసిన వరుసలోనే వ్రాయడం ఒకటి. వెళ్ళాము, కలిశాము, చూశాము, చివరకు తేల్చాము. వ్రాసేవాడికి తేల్చింది చివరే, చదివేవాడికి కావలసింది మాత్రం మొదట అదే. రెండవది మన మర్యాద. ఉర్దూలో ఉత్తరం వ్రాస్తే సలాము, ఖైరియత్ అయిన తరువాతే అసలు సంగతి. తెలుగులోనూ 'ఉభయకుశలోపరి' అన్న తరువాతే. పెద్దల ముందు ఎత్తుకోగానే 'లక్షా ఇరవై వేలు ఇవ్వండి' అనడానికి నోరు రాదు. ఇది మంచి సంస్కారమే, దానికి చోటు ఉత్తరంలో ఉంది. కాని ఇదే మనుషులు టెలిగ్రాం ఇచ్చేటప్పుడు 'నాన్నకు సీరియస్, వెంటనే బయలుదేరు' అనే వ్రాశారు. 2013 జూలైలో ఆ సర్వీసు మూతపడిందిగాని ఆ వరుస మనకు తెలియనిది కాదు.

ఇది కాగితాల మీది చాదస్తం అనుకొనేవారికి ఒక్క సంగతి చెబుతాము. 2003 ఫిబ్రవరి 1న కొలంబియా వ్యోమనౌక కూలి మన కల్పనా చావ్లాతో సహా ఏడుగురు చనిపోయారు. నౌక బయలుదేరినప్పుడు ఊడిన నురుగు ముక్క రెక్కకు తగిలింది. నౌక ఇంకా ఆకాశంలో ఉండగానే ఇంజనీర్లు దాని మీద అధికారులకు చూపిన ఒక పేజీని తరువాత దర్యాప్తు బోర్డు తన నివేదికలో ప్రత్యేకంగా ఎత్తి చూపింది. పేజీ శీర్షిక ధైర్యం చెప్పేదిగా ఉంది. తగిలిన ముక్క పరీక్షలలో వాడిన ముక్కకంటే ఎన్నో రెట్లు పెద్దదనీ, కాబట్టి ఆ పరీక్షలు దీనికి వర్తించవనీ తెలిపే మాట అన్నిటికంటే అడుగున చిన్న వరుసలో ఉంది. ప్రమాదానికి అదొక్కటే కారణమని మేము అనటం లేదు. తెలిసిన మాట వ్రాసి ఉండి కూడా చదివేవారికి అందకుండా పోవచ్చునని మాత్రం అంటున్నాము.

ఈ సూత్రానికి హద్దులున్నాయి. వివరాలు మాత్రమే అడిగిన నివేదికలో సిఫారసు లేదని మార్కులు తీయకూడదు, అక్కడ ముఖ్యంగా తేలిన విషయం మొదట రావాలి. చదివేవారికి ప్రశ్నే తెలియనప్పుడు ఒక వాక్యం నేపథ్యం ముందు ఉండవచ్చు, రెండయితే ఎక్కువ. అప్రియమైన నిర్ణయం చెప్పవలసినప్పుడు, ఉదాహరణకు ఒక పథకం మూసివేయమని చెప్పవలసి వస్తే, ముందు కారణం ఒక్క మాట చెప్పి తరువాత సిఫారసు చెప్పడం కొందరికి మేలనిపిస్తుంది. అలా చేసినవారికి మేము మార్కులు తగ్గించము. కాని అప్పుడు కూడా ఆ మాట మొదటి పేరాలోనే ఉండాలి, పేజీ అడుగున కాదు.

ఈ సంచికలో ఈ రెండు సారాంశాలూ పక్కపక్కనే అచ్చు వేయవలసిందిగా సంపాదకులను కోరాము. ఇంటిలో డిగ్రీ చదివే పిల్లలుంటే మొదటిదాన్ని మాత్రం వాళ్ళకిచ్చి అడిగే వాక్యం కింద గీత గీయమనండి. ఎంతసేపటికి గీస్తారో చూసి, తరువాత రెండవది చూపించండి.