కొత్త బేరింగు మళ్లీ ఎందుకు పోయింది?

పెద్ద మోటారుకు వీఎఫ్‌డీ పెట్టారు. కొన్ని నెలలకే బేరింగు మోత మొదలైంది. మార్చారు. మళ్లీ అదే మోత. గ్రీజును తిట్టే ముందు పాత బేరింగును కోయించి చూడండి. లోపల బంతులు తిరిగే దారిలో, సిమెంటు రేకు మీద ఉన్నట్టు, వరసగా గాళ్లున్నాయా? అయితే అది కరెంటు పనే కావచ్చు.

ఎలాగంటారా? డ్రైవ్ పంపేది వేగంగా తెగి తగిలే వోల్టేజీ. మూడు ఫేజులూ కలిపితే సున్నా కాదు. ఆ మిగులు షాఫ్టు మీద పేరుకుంటుంది. పలచని గ్రీజు పొర తట్టుకోలేనప్పుడు బేరింగులో రవ్వ దూకుతుంది. ప్రతి రవ్వా ఉక్కును కాస్త కరిగిస్తుంది. దీనికి విరుగుడు షాఫ్టును ఎర్త్ చేసే బ్రష్షు.

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. కానీ పెద్ద మోటార్లలో ఇంకో కరెంటు ఉంది. షాఫ్టు రెండు కొసల మధ్యే వోల్టేజీ పుడుతుంది. కరెంటు ఒక బేరింగు గుండా మోటారు బాడీలోకి దిగి, రెండో బేరింగు గుండా షాఫ్టుకే తిరిగొస్తుంది. అదొక చుట్టు. బ్రష్షు ఈ చుట్టును తెంచదు. ఇన్సులేటెడ్ బేరింగు తెంచుతుంది.

అందుకే పెద్ద మోటారుకు రెండూ కావాలి. లోడు లేని వైపు ఇన్సులేటెడ్ బేరింగు, లోడు వైపు బ్రష్షు. రెండూ ఒకే వైపు పెట్టారా, ఇన్సులేషన్ దండగే. కరెంటు బ్రష్షు మీదుగా చుట్టు పూర్తిచేసుకుంటుంది.