విదేశీ ఫోన్‌కు ఇంట్లో సిగ్నల్ ఎందుకు అందదు?

డల్లాస్‌లో ఉద్యోగం చేసే కొడుకు సెలవులకు వస్తూ తెనాలిలో ఉన్న అమ్మకు కొత్త ఫోన్ తెచ్చాడనుకుందాం. పాత ఫోన్‌లోని ఎయిర్‌టెల్ సిమ్ తీసి అందులో వేశారు. వీధి అరుగు మీద బాగానే మాట్లాడుతోంది. వంటింట్లోకి వెళ్లేసరికి సిగ్నల్ ఒక్క గీతకు పడిపోయి మాట తెగిపోతోంది. అదే సిమ్ పాత ఫోన్‌లో వేస్తే వంటింట్లోనూ పలుకుతోంది. అంటే తప్పు టవర్‌ది కాదు, సిమ్‌ది కాదు.

టవర్ ఒకే తరంగం మీద పనిచేయదు. మన దేశంలో ఎయిర్‌టెల్ 4జీ ముఖ్యంగా 900, 1800, 2100, 2300 మెగాహెర్ట్జ్ ప్రాంతాల్లో నడుస్తుంది. ఒక్కో ప్రాంతాన్ని ఒక బ్యాండ్ అంటారు, దానికో నంబరు ఉంటుంది. 900ది బ్యాండ్ 8, 1800ది బ్యాండ్ 3, 2100ది బ్యాండ్ 1, 2300ది బ్యాండ్ 40. ఫ్రీక్వెన్సీ తగ్గేకొద్దీ తరంగం దూరం పోతుంది, గోడల్లోంచి చొరబడుతుంది. పెరిగేకొద్దీ ఇటుక గోడకు, శ్లాబుకు ఎక్కువ బలం పోగొట్టుకుంటుంది. కాబట్టి లోపలి గదుల్లో మనల్ని ఆదుకునేది ఎక్కువగా 900.

అమెరికా కంపెనీలు 4జీకి బ్యాండ్ 8ని దాదాపు వాడవు. అక్కడ 2, 4, 12, 13, 66 వంటివి ముఖ్యం. అందుకే ఆ మార్కెట్ కోసం చేసిన కొన్ని మోడళ్లలో 8, 40 ఉండవు. మన అమ్మగారి ఫోన్‌లో 1, 3, 5 మాత్రం ఉన్నాయనుకోండి. వీధిలో బ్యాండ్ 3 అందుకుని పనిచేస్తుంది. లోపలికి వెళ్లాక అది సన్నగిల్లితే, పాత ఫోన్ బ్యాండ్ 8కి మారిపోతుంది. దీనికి ఆ దారి లేదు.

సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో సరిపోదా అని చాలామంది అడుగుతారు. ప్రతి బ్యాండ్‌కూ ఫోన్ లోపల తగిన ఫిల్టరు, యాంప్లిఫయరు, యాంటెన్నా ఏర్పాటు ఉండాలి. అవి లేనప్పుడు అప్‌డేట్ ఏమీ చేయలేదు.

జియో సిమ్ వేస్తే? జియోకు 850 ఉంది, అది బ్యాండ్ 5. ఆ ఫోన్‌లో ఉంది కాబట్టి వంటింట్లో సిగ్నల్ నిలబడే అవకాశం ఎక్కువ. బ్యాండ్ 40 లేనందువల్ల రద్దీ వేళ ఇంటర్నెట్ నెమ్మదించవచ్చు. ఇంకో చిక్కు, జియోకు 2జీ, 3జీ లేవు. కాల్స్ అన్నీ 4జీ, 5జీ మీదే వెళ్లాలి. ఆ ఫోన్‌లో జియోకు వీవోఎల్‌టీఈ పనిచేయకపోతే ఇంటర్నెట్ వస్తుంది గానీ మామూలు కాల్ వెళ్లదు.

కొనే ముందు పెట్టె మీది పూర్తి మోడల్ నంబరు చూడండి. ఒకే పేరుతో దేశానికో మోడల్ అమ్ముతారు, కొన్నిటికి చివరి అక్షరమే మారుతుంది. ఆ నంబరుకు కంపెనీ ఇచ్చిన బ్యాండ్ల పట్టికలో ఎయిర్‌టెల్ వాళ్లు 8, 3, 40 కోసం, జియో వాళ్లు 5, 3, 40 కోసం వెతకండి. ఇప్పటికే కొనేసి ఉంటే, ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ ఉన్నవారు వైఫై కాలింగ్ ఆన్ చేసి చూడండి. మీ సిమ్ కంపెనీకి ఆ మోడల్‌లో అది పనిచేస్తే, వంటింట్లోంచి కాల్స్ టవర్‌తో పనిలేకుండా వెళ్తాయి.