అప్పు చౌకే, మరి కంపెనీ విలువ ఎందుకు పెరగదు?

"షేర్‌హోల్డర్లు 10 శాతం రాబడి అడుగుతున్నారు, అప్పేమో 6 శాతానికే దొరుకుతోంది. అప్పు తెచ్చుకుంటే కంపెనీ విలువ పెరుగుతుంది కదా?" అని చాలామంది నన్ను అడుగుతుంటారు. పన్నులు లేవనుకుంటే పెరగదు. 1958లో మోడిగ్లియానీ, మిల్లర్ చెప్పింది ఇదే. లెక్క వేసి చూద్దాం.

ఒక కంపెనీ విలువ కోటి రూపాయలు, ఏటా సగటు లాభం 10 లక్షలు అనుకోండి. అప్పు లేకపోతే ఈక్విటీ మీద రాబడి 10 శాతం.

ఇప్పుడు ఆ కంపెనీ 6 శాతం వడ్డీకి 50 లక్షలు తెచ్చి, సగం షేర్లు వెనక్కి కొనేసింది. వడ్డీ 3 లక్షలు పోగా 7 లక్షలు మిగులుతాయి. మిగిలిన 50 లక్షల ఈక్విటీ మీద అది 14 శాతం. అదే వడ్డీకి అప్పు 20 లక్షలే అయితే 11 శాతం, 80 లక్షలైతే 26 శాతం!

లాభంలా కనిపిస్తోంది కదా? ఆగండి. ఒక ఏడాది లాభం 5 లక్షలకి పడిపోయిందనుకుందాం. అప్పు లేని కంపెనీలో రాబడి 10 నుంచి 5కి తగ్గుతుంది. సగం అప్పున్న కంపెనీలో 14 నుంచి ఏకంగా 4కి. అంటే రిస్క్ రెట్టింపైంది. అందుకే షేర్‌హోల్డర్లు 14 అడుగుతారు. సగం డబ్బుకి 6, సగం డబ్బుకి 14, సగటు మళ్ళీ 10 శాతమే.

నిజంగా 80 శాతం అప్పుంటే ఎవరూ 6 శాతానికి ఇవ్వరు, వడ్డీ పెంచుతారు. అప్పుడు రిస్క్‌లో కొంత అప్పిచ్చినవాళ్ళ మీదకి వెళ్తుంది, కానీ సగటు మారదు. పన్నులు, దివాలా ఖర్చులు లాంటివి వస్తేనే ఈ లెక్క మారుతుంది.

కాబట్టి రాబడి 26 శాతం అని కనిపిస్తే, ముందు అప్పెంతుందో చూడండి.