రెండు కెమెరాలు, ఒకే సాయంత్రం

ఇక్కడ కూర్చున్నవాళ్ళలో పెళ్ళి సినిమాలు, డాక్యుమెంటరీలు తీసేవాళ్ళూ వాటిని ఎడిట్ చేసేవాళ్ళూ ఎక్కువ. అందుకని మీరందరూ తీసే ఒక్క సీనునే పట్టుకుని మాట్లాడతాను. అప్పగింతలు. పొద్దు వాలింది, మండపం బయట లైట్లు వెలిగాయి. సోనీ కెమెరా ఎస్-లాగ్3లో వైడ్ తీస్తోంది. పానాసోనిక్ కెమెరా వి-లాగ్‌లో తండ్రి ముఖం, కూతురి ముఖం క్లోజప్‌లో పట్టింది. ఎడిట్‌లో ఒకదాని వెంట ఒకటి వస్తుంటాయి. వైడ్‌లో చామనఛాయగా ఉన్న తండ్రి ముఖం క్లోజప్‌లో ఎర్రబడితే, చూసేవాళ్ళకి ఏం జరిగిందో తెలియదు. కానీ అంతవరకూ కళ్ళలో ఊరిన నీళ్ళు అక్కడే ఆగిపోతాయి. మనం చేసే మ్యాచింగ్ అంతా ఆ ఒక్క కట్ కోసమే.

లాగ్ ఫుటేజ్ వెలిసిపోయినట్టు ఎందుకుంటుందో మీకు తెలుసు: నీడల నుంచి లైట్ల దాకా ఉన్న వెలుగునంతా కెమెరా ఒకే ఫైల్లోకి సర్దుతుంది. అయితే ఆ సర్దుబాటును ఒక్కో కంపెనీ ఒక్కో లెక్కతో చేస్తుంది. సరిగ్గా ఎక్స్‌పోజ్ చేసిన 18 శాతం గ్రే కార్డ్ ఎస్-లాగ్3లో వేవ్‌ఫామ్ మీద 41 శాతం దగ్గర నిలుస్తుంది, వి-లాగ్‌లో 42 దగ్గర. తెల్ల కార్డ్ రెండింటిలోనూ 61. ఇక్కడిదాకా రెండూ కవలల్లాగే ఉన్నాయి. తేడా అడుగున ఉంది. వెలుగే లేని నలుపు ఎస్-లాగ్3లో 3.5 శాతం, వి-లాగ్‌లో 7.3. సోనీ కోసం చేసిన లట్‌ను పానాసోనిక్ క్లిప్ మీద వేస్తే ముఖం ఫర్వాలేదనిపించి, తండ్రి జుట్టు, వెనక చీకటి బూడిదరంగులోకి తేలిపోవడానికి కారణం ఇదే. చాలామంది అప్పుడు లిఫ్ట్ కిందకి లాగి సరిపెడతారు. ఆ లాగుడుతో చెంప కింది నీడ కూడా మారిపోతుంది. తర్వాతి క్లిప్‌లో మళ్ళీ ఇంకోలా లాగాలి.

అలా కాకుండా, డావిన్చీ రిజాల్వ్‌లో ప్రతి కెమెరాకూ దాని సొంత Color Space Transform వేయండి. సోనీ నుంచి ఒకటి, పానాసోనిక్ నుంచి ఒకటి, రెండూ DaVinci Wide Gamut, DaVinci Intermediate లోకి. చిట్టచివర Rec.709, గామా 2.4కి తెచ్చే మార్పిడి ఒక్కటే, రెండింటికీ ఉమ్మడి. చేసే పనంతా ఇన్‌పుట్ మార్పిడికీ ఈ చివరి మార్పిడికీ మధ్య జరగాలి.

ఇప్పుడు స్కోప్‌లు తెరవండి. మొదట నోడ్‌లన్నీ ఆపేసి, అసలు లాగ్‌ను చూడండి. గ్రే కార్డ్ షాట్‌లో సోనీ 41 చూపిస్తోంది. పానాసోనిక్ 34 దగ్గర ఉంది. ఈ ప్రాంతంలో లాగ్‌లో ఒక స్టాప్ అంటే వేవ్‌ఫామ్ మీద ఎనిమిది, తొమ్మిది శాతం. అంటే క్లోజప్ కెమెరా దాదాపు ఒక స్టాప్ తక్కువ ఎక్స్‌పోజ్ అయింది. ఈ లెక్క తెలిస్తే చేతికి ఒక ధైర్యం వస్తుంది. గుండ్రాలు అటూ ఇటూ తిప్పుతూ వెతకాల్సిన పని లేదు. నోడ్‌లు మళ్ళీ ఆన్ చేసి, టైమ్‌లైన్ కలర్ స్పేస్ కూడా DaVinci Wide Gamut, Intermediate గానే పెట్టి, ఇన్‌పుట్ మార్పిడి తర్వాత ఒక నోడ్ తీసుకుని, దాని గామాను Linear చేసి, గెయిన్ 2.00 ఇవ్వండి. వెలుగు సరిగ్గా రెట్టింపవుతుంది, కెమెరామన్ ఐరిస్ ఒక స్టాప్ తెరిచినట్టే. నలుపు ఉన్నచోటే ఉంటుంది. కాకపోతే నీడల్లో ఉన్న నాయిస్ కూడా రెట్టింపవుతుంది. అది కనబడితే నాయిస్ రిడక్షన్‌ను ఈ నోడ్ కంటే ముందు పెట్టండి.

వైట్ బ్యాలెన్స్‌కి పరేడ్ చూడండి. గ్రే కార్డ్ దగ్గర ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ ఒకే ఎత్తులో ఉండాలి. ఎరుపు పైన, నీలం కింద ఉంటే కెమెరా సాయంత్రపు వెలుగును వేరేగా అర్థం చేసుకుంది. అదే లీనియర్ నోడ్‌లో ఎరుపు, నీలం గెయిన్‌లు విడివిడిగా కదిపి ఆకుపచ్చతో కలపండి. ఎల్ఈడీ లైట్ల కింద ఆకుపచ్చే పైకి తేలుతుంది, అది వేరే జబ్బు. అప్పుడు ఆకుపచ్చనే తగ్గించాలి. గ్రే కార్డ్ తీయలేదు, తండ్రి కట్టుకున్న తెల్లపంచెను ఆధారం చేసుకుంటాం అంటారు కొందరు. జాగ్రత్త. నీలిమందు పెట్టి ఉతికిన పంచె తెల్లన కాదు, నీలంవైపు ఒరిగిన తెలుపు. దాన్ని తెలుపు చేస్తే ముఖాలు పచ్చబడతాయి.

ఇంత చేసినా ముఖాలు కొంచెం తేడాగా ఉంటాయి. రెండు సెన్సార్ల ఫిల్టర్లు రంగుల్ని ఒకేలా చూడవు. గ్రే కలిసినా పట్టుచీర ఎరుపు కలవకపోవడానికి కారణం ఇది. ఏ మార్పిడీ దీన్ని పూర్తిగా సరిచేయలేదు. ఇక్కడ వెక్టర్‌స్కోప్ కావాలి. ఒకే మనిషి, ఒకే చెంప, రెండు కెమెరాల్లో. చుట్టూ మాస్క్ గీసి చెంప మాత్రమే కనబడేలా చేస్తే, ఎరుపుకీ పసుపుకీ మధ్య ఉండే స్కిన్ టోన్ గీత దగ్గర ఒక మచ్చలా కనిపిస్తుంది. తండ్రి చెంప రెండు కెమెరాల్లోనూ ఒకే చోట పడేదాకా Hue vs Hue కర్వ్‌లో ఎరుపు, నారింజ మధ్య భాగాన్ని కొద్దిగా కదపండి. చీర ఎరుపును విడిగా చూడండి. దాన్ని కలపడానికి ముఖాన్ని బలిపెట్టకండి. ముఖం కలిసి చీర కొంచెం తేడాగా ఉంటే ప్రేక్షకులు ఒప్పుకుంటారు, చీర కలిసి ముఖం తేడాగా ఉంటే ఒప్పుకోరు.

కూతురి ముఖం సంగతి వేరు. ఆమె ముఖాన పసుపు ఉంది. ఆమె మచ్చ గీత మీద పడదు, పసుపువైపు ఒరుగుతుంది, ఒరగాలి కూడా. స్కోప్‌లో గీత కనబడింది కదా అని అటు లాగితే పెళ్ళికూతురి ముఖం మీది పసుపును కడిగేసినట్టే. ఆ గీత మామూలు చర్మానికి ఒక ఆనవాలు మాత్రమే. ఆమెను మరో కెమెరాలోని ఆమెతో పోల్చాలి, గీతతో కాదు.

రెండు కెమెరాలూ ఇలా కలిశాకే మూడ్. ముందే మూడ్ వేస్తే, ఎక్కడ తేడా కెమెరాది, ఎక్కడ మనం కోరి చేసింది అన్నది విడదీయలేం. మూడ్ నోడ్‌లను టైమ్‌లైన్ స్థాయిలో గానీ పైన పరిచిన అడ్జస్ట్‌మెంట్ క్లిప్‌లో గానీ పెట్టండి, ఒక్కసారి చేస్తే రెండు కెమెరాలకూ పడుతుంది. అప్పగింతలంటే చాలామంది మొత్తం చీకటి చేస్తారు. నా లెక్క వేరు. తండ్రి చెంపలో వెలుగుపడే వైపును 45 దగ్గర నిలుపుతాను, మామూలు పగటి సీనులో ఉంచేదానికంటే కొంచెం కింద. మండపం లైట్లను వంద దాకా పోనివ్వకుండా 85కి దించుతాను, వెనక మెరుపు ముఖం మీంచి చూపును లాక్కోకుండా. నీడల్ని సున్నాకి నొక్కను. మూడు, నాలుగు శాతం దగ్గర ఉంచి, పరేడ్‌లో అడుగున నీలం ఎరుపుకంటే వెంట్రుకవాసి పైన ఉండేలా చూస్తాను. చర్మం మాత్రం వెచ్చగానే ఉంటుంది. చల్లబడ్డ సాయంత్రంలో ముఖాలు వెచ్చగా ఉంటేనే ఆ వీడ్కోలు మనకు తగులుతుంది. ఈ అంకెలు నా కంటికి కుదిరినవి, మీ సీనుకి మీవి వెతుక్కోండి. కానీ వెతికి పట్టాక రాసిపెట్టుకోండి. రెండు గంటలు ఒకే నీలిని చూసిన కన్ను దాన్ని తెలుపనుకుంటుంది. అప్పుడు చేయి ఇంకాస్త నీలి కలుపుతుంది. పరేడ్ అలవాటు పడదు.

స్కోప్ చేయలేనిదీ ఉంది. వేవ్‌ఫామ్‌లో మండపం బల్బులు వందకి చేరకుండానే ఒక ఎత్తు దగ్గర కత్తిరించినట్టు సమంగా ఆగిపోతే, అక్కడ కెమెరా సెన్సార్ నిండిపోయింది. లాగ్ అయినా అందులో ఇక సమాచారం లేదు, దించితే బూడిదరంగు పళ్ళెంలా కనిపిస్తుంది. 8-బిట్‌లో తీసిన లాగ్‌లో మలిసంధ్య ఆకాశం మెట్లుమెట్లుగా విడిపోతుంది. ఆ రెండూ గ్రేడింగ్ గదిలో బాగయ్యేవి కావు. కాబట్టి షూటింగ్‌కి వెళ్ళేవాళ్ళతో ముందే చెప్పండి: 10-బిట్ పెట్టాలి, రెండు కెమెరాల్లోనూ ఆటో వైట్ బ్యాలెన్స్ ఆపి ఒకే కెల్విన్ అంకె పెట్టాలి, లైట్లు మారిన ప్రతిసారీ గ్రే కార్డ్‌ను రెండు కెమెరాల ముందూ ఒకే చోట, ఒకే వెలుగులో కొన్ని క్షణాలు పట్టుకోవాలి.