రాత్రికీ కూలి ఉంది

(కోయంబత్తూరులో యువజనుల కూడికలో చేసిన ప్రసంగ పాఠం)

మన పూర్వులు విజయనగర, నాయక రాజుల కాలంలో ఈ నేలకు వచ్చారు. కోయంబత్తూరులోనూ మదురైలోనూ ఇప్పటికీ ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడుకుంటున్నాం. పిల్లలు బెంగళూరుకో గల్ఫుకో వెళ్ళిపోతే ఇంట్లో అవ్వా తాతా మిగులుతున్నారు. వాళ్ళ పక్కన కూర్చునేది కూలికి వచ్చిన ఒక స్త్రీ. ఆమెను ఒకరు అటెండరు అంటారు, ఒకరు హోమ్ నర్స్ అంటారు, ఒకరు ఉత్త పనిమనిషి అంటారు. పేరే కుదరని పనికి గంటలూ కూలీ ఎలా కుదురుతాయి? నేనూ కొన్నేళ్ళు ఈ పని చేసినదాన్నే. అందుకే ఈ రోజు ఒక్క సంగతి, రాత్రి సంగతి, మీతో మాట్లాడాలనుకుంటున్నాను.

ఏజెన్సీ వాళ్ళు కుటుంబానికి చెప్పే మాట ఇది: "ఇరవై నాలుగు గంటలూ ఇంట్లోనే ఉంటుంది. రాత్రి అవ్వ పక్కనే పడుకుంటుంది." వినడానికి బాగానే ఉంటుంది. కానీ తుంటి ఎముక విరిగి మంచం పట్టిన అవ్వను తలచుకోండి. తనంతట తాను పక్కకు తిరగలేదు. ఒకే వైపు ఎక్కువ సేపు పడుకుంటే బరువు పడిన చోట రక్తం ఆడదు, చర్మం చచ్చిపోతుంది. అందుకే మామూలుగా రెండు గంటలకు ఒకసారి పక్క మార్చమంటారు. అంటే రాత్రి పదికి, పన్నెండుకి, రెండుకి, నాలుగుకి, మళ్ళీ ఆరుకి లేవాలి. డైపరు మార్చి, తుడిచి, దుప్పటి ముడతలు సరిచేసి, వీపుకు దిండు పెట్టేసరికి ప్రతిసారీ ఇరవై నిమిషాలు పడుతుంది. ఇక ఆమె ఒక్క దమ్మున పడుకోగలిగేది గంటా నలభై నిమిషాలే. తెల్లవారితే స్నానం, మాత్రలు, గంజి, బట్టలు మళ్ళీ మొదలు.

ఇలా నాలుగు రాత్రులు గడిస్తే ఏ మనిషైనా రెండు గంటలప్పుడు లేవలేకపోతుంది. అది సోమరితనం కాదు, శరీరం ఓడిపోవడం. దాని ఫలితం మొదట కనిపించేది అవ్వ నడుము కింద, వెన్నెముక చివర. అక్కడో మడమ దగ్గరో ఎర్రని మచ్చ కనిపిస్తే వేలితో నొక్కి చూడండి. నొక్కి తీసినప్పుడు తెల్లబడి మళ్ళీ ఎర్రబడితే అక్కడ రక్తం ఇంకా ఆడుతోందన్నమాట. నొక్కినా ఎరుపు పోకపోతే పడకపుండు మొదలైనట్టే. నల్లని చర్మం మీద ఎరుపు సరిగా కనబడదు. అక్కడ వెచ్చగా ఉందా, గట్టిగా ఉందా, అవ్వకు నొప్పిగా ఉందా అని చూడాలి. చర్మం చిట్లే దాకా ఆగకుండా నర్సుకో డాక్టరుకో చూపించాలి. మనిషి నిద్ర దోచి మిగిల్చిన డబ్బు ఆ పుండుకు కట్టు కట్టించడానికే పోతుంది.

ఇప్పుడు కూలి లెక్క చూద్దాం. ఈ అంకెలు లెక్క అర్థమవడానికే, ఇదే ధర అని కాదు. ఎనిమిది గంటల రోజుకు 640 రూపాయలు అనుకుందాం. గంటకు 80. ఇరవై నాలుగు గంటలకు 1,000 రూపాయలు ఇస్తామంటే చాలామందికి పెద్ద మొత్తంలా కనిపిస్తుంది. ఇరవై నాలుగుతో భాగించండి. గంటకు 42 రూపాయలు కూడా రాదు. ఏజెన్సీ తన వాటా పట్టుకుంటే ఇంకా తగ్గుతుంది.

కోయంబత్తూరు వాళ్ళకు ఈ లెక్క కొత్త కాదు. మన తాతలు ఇక్కడి మిల్లుల్లో షిఫ్టు పని చేసినవాళ్ళు. కర్మాగారాల చట్టం 1948లో వచ్చింది, దాని ప్రకారం అదనపు గంటకు రెట్టింపు కూలి వచ్చేది. ఆ ఓటీ డబ్బుతో పిల్లల్ని చదివించిన తాతకే ఈ రోజు ఓటీ లేని మనిషి సేవ చేస్తోంది. అదే లెక్కన ఇద్దరిని పన్నెండేసి గంటలు పెడితే ఒక్కొక్కరికి 640, అదనపు నాలుగు గంటలకు ఇంకో 640, ఇద్దరికీ కలిపి 2,560 అవుతుంది. మిల్లులోలా ముగ్గురిని ఎనిమిదేసి గంటలు పెడితే 1,920. ముగ్గురైతేనే తక్కువ, పైగా ముగ్గురూ నిద్రపోతారు.

"అక్కా, మాకు అంత ఎక్కడిది?" అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. మిల్లు కార్మికుల పీఎఫ్ పెన్షను కనీసం నెలకు 1,000 రూపాయలని 2014లో పెట్టారు. దానితో ఒక్క రోజు మూడు షిఫ్టులు కూడా నడవవు. అలాంటప్పుడు గంటలు తగ్గించండి గానీ గంట ధర తగ్గించకండి. ఉదయం నాలుగు గంటలకు మనిషిని పెట్టుకుంటే 320 రూపాయలు. స్నానం, చర్మం చూడటం, బట్టలు మార్చడం, కుర్చీలో కూర్చోబెట్టడం లాంటి కష్టమైన పనులు అప్పుడే అయిపోతాయి. రాత్రి పక్క మార్చడం కొడుకులూ కోడళ్ళూ మనవలూ వంతులు వేసుకోండి. ఎలా తిప్పాలో ఆమె చేతే నేర్చుకోండి. ఎవరూ లేని ముసలివాళ్ళకు సంఘంలోని యువకులు వంతు తీసుకోవచ్చు.

చట్టం ఏమంటుందో కూడా తెలుసుకోండి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో ఇంటి పనివాళ్ళ కోసం 189వ ఒప్పందం చేసింది. పిలిస్తే లేవాలని ఇంట్లోనే కాచుకుని ఉండే సమయాన్ని కూడా పని గంటల్లో లెక్కించాలని, వారానికి వరసగా ఇరవై నాలుగు గంటలైనా సెలవు ఉండాలని అందులో ఉంది. మన దేశం దాన్ని ఇంకా ఆమోదించలేదు. అయితే తమిళనాడులో 2007 నుంచి ఇంటి పనివాళ్ళ సంక్షేమ బోర్డు ఉంది. అందులో పేరు రాయించుకోవడానికి చదువురాని అక్కలకు మనమే తోడు వెళ్ళాలి.

ఇక నమ్మకం. ఇంట్లో గొలుసు కనిపించకపోతే మొదటి చూపు ఆమె మీదే పడుతుంది. కాబట్టి చేరిన రోజే అవ్వ ఒంటిమీది నగలు, బీరువా తాళం ఎవరి దగ్గర ఉందో, రోజు ఖర్చుకు ఇచ్చిన డబ్బు ఎంతో ఒక నోటుబుక్కులో రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి. అదే పుస్తకంలో పక్క మార్చిన వేళ, వేసిన మాత్ర, తిన్నది, మూత్రం పోసిన సంగతి రాయాలి. రాత్రి ఎన్నిసార్లు లేచిందో కూడా దానిలోనే పడుతుంది. నెలాఖరున అదే ఆమె కూలికి సాక్ష్యం. ఆమె అసలు ఆధార్ కార్డు మాత్రం ఎవరూ దగ్గర పెట్టుకోకూడదు. నకలు చాలు.

ఇంకొకటి చెప్పక తప్పదు. ఈ పనికి వచ్చేవాళ్ళలో తెలుగు మాట్లాడే అరుంధతీయ స్త్రీలూ ఉన్నారు. ఆమె చేతులతో అవ్వకు మలం తుడిపించుకుని, ఆ చేతులతో వంటింటి గ్లాసు ముట్టవద్దనే ఇళ్ళున్నాయి. మన విశ్వాసుల ఇళ్ళు కూడా ఉన్నాయి. మతిమరుపు జబ్బు ముదిరిన పెద్దలు చాలామంది తరువాత నేర్చిన భాష మరచి చిన్ననాటి భాషకు తిరిగిపోతారు. వీధిలో డెబ్బై ఏళ్ళు తమిళం మాట్లాడిన అవ్వ ఒక రోజు తెలుగులోనే నీళ్ళడుగుతుంది. అప్పుడు ఆ మాట తెలిసిన అరుంధతీయ అక్కే ఆమెకు దిక్కు. ఆ భాష కూడా ఒక నైపుణ్యమే. దానికి కూలిలో లెక్క ఉండాలి, ఇంట్లో వేరే గ్లాసు ఉండకూడదు.

కూలివాని కూలి తెల్లవారే దాకా నీ దగ్గర ఉంచుకోవద్దని లేవీయకాండం ఆజ్ఞ. అటెండరు విషయంలో ఆ రాత్రి కూలికీ ఆ ఆజ్ఞ వర్తిస్తుంది. ఈ వారం మీ ఇంట్లో గానీ పక్కింట్లో గానీ ఇలాంటి అక్క ఉంటే, నిన్న రాత్రి ఎన్నిసార్లు లేచిందో అడిగి, ఆ లెక్క ఇంటి పెద్దల ముందు పెట్టండి.