లేని భూకంపం లోక్‌సభకు చేరిన తీరు

 

మురమళ్ళలో మన ఫోన్లకు వచ్చే సంచలన శీర్షికల్లో కొన్ని అసలు వార్తలే కావు, నవ్వించడానికి అల్లినవి. అటువంటిదొకటి పార్లమెంటు దాకా వెళ్ళింది.

2020 ఫిబ్రవరి 6న ప్రధాని మోదీ లోక్‌సభలో ఒమర్ అబ్దుల్లా మాట అంటూ ఒకటి ఉటంకించారు. 370వ అధికరణాన్ని తొలగిస్తే భూకంపం వచ్చి కశ్మీర్ భారత్ నుండి విడిపోతుందన్నది ఆ మాట. అప్పటికి ఒమర్ ఆరు నెలలుగా నిర్బంధంలో ఉన్నారు. నేను అలా అనలేదని చెప్పుకొనే వీలు కూడా ఆయనకు లేదు.

ఆల్ట్ న్యూస్ వారు వెతకగా, ఆ మాట ఫేకింగ్ న్యూస్ అనే వ్యంగ్య వెబ్‌సైటులో 2014 మే 28న వచ్చిన రాతలో దొరికింది. ముందురోజే ఒమర్ ట్విట్టర్‌లో నిజంగానే ఘాటుగా రాశారు: 370 అయినా నిలుస్తుంది, లేదా కశ్మీర్ భారత్‌లో ఉండదు అని. వ్యంగ్యకారుడు దానికి భూకంపాన్ని తగిలించాడు. నిజానికి అంటుకట్టిన అబద్ధం కనుకనే నమ్మబుద్ధి అయింది.

స్క్రీన్‌షాట్‌లో సైటు పేరు తెగిపోతుంది. అందుచేత మేము శీర్షికలోని నాలుగు మాటలు గూగుల్‌లో వేసి, మొదట రాసినదెవరో, ఏ తేదీనో చూస్తాము. ఆ సైటు తెరచి పక్క శీర్షికలు చదువుతాము. అవన్నీ వింతగానే ఉంటే సంగతి తెలిసినట్లే. పేజీ అడుగున ‘మా గురించి’ అన్నచోట ఇది వ్యంగ్యమని చాలా సైట్లు తామే చెప్పుకుంటాయి.

చిక్కల్లా, వ్యంగ్యాన్ని మరొకరు వార్తగా ఎత్తిరాసినప్పుడే. అక్కడ ఈ గుర్తులేవీ ఉండవు. అప్పుడు మొదటి తేదీ దొరికేదాకా వెనక్కి వెళ్ళాలి. ఒమర్ విషయంలో దాదాపు ఆరేళ్ళు వెళ్ళవలసి వచ్చింది.